మా తాత టైమ్‌టేబుల్‌లో రద్దయిన ట్రిప్పు

మా తాత బాల్యా నాయక్‌కు అరవై మూడేళ్లు. ఆయన ఫ్లెక్సీ మీదికి ఎక్కింది మాత్రం పోయిన ఏడాదే.

కోదాడ పక్క అనంతగిరి దగ్గరి మా తండాలో ఫ్లెక్సీ అంటే లీడర్‌కో, పుట్టినరోజు పిల్లాడికో, కాలం చేసిన పెద్దమనిషికో కడతారు. తాతకు పార్టీ లేదు, ఆ రోజు పుట్టినరోజూ కాదు. అందుకని మా ఇంటి గోడ మీద ఆయన ఫొటో కనబడగానే పక్కింటి హర్యా తాత చెప్పులు విడిచి, తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వచ్చాడు.

"అయ్యో! ఎప్పుడు పోయిండు? నిన్న బస్సెక్కంగ సూసిన గదా!"

తాత టీ గ్లాసుతో బయటికి వచ్చాడు. "నేను యాడికీ పోలే. అది నా సదువు టైమ్‌టేబుల్. అద్దాలు పెట్టుకొని సదువు."

హర్యా తాత అద్దాలు పెట్టుకోలేదు. తువ్వాల మళ్లీ తలకు చుట్టుకుని, "గంత పెద్ద ఫొటో ఏస్తే ఎవలైనా గట్లనే అనుకుంటరు," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ ఫ్లెక్సీ నా చేతి పనే. కోదాడలో ఒక ఫ్లెక్సీల షాపులో నేను డిజైన్లు చేస్తాను. తాత అడిగింది గళ్లు గీసిన కాగితం ముక్క. నేనేమో ఆయన ఫొటో చుట్టూ పూలరేకులు చల్లి, కింద "మీ సేవలో" అని కూడా రాశాను. ఇంటర్‌లో నావి రెండు సబ్జెక్టులు ఇంకా పాస్ కావాల్సి ఉంది కాబట్టి తన చదువు గురించి మాట్లాడే హక్కు నాకు లేదంటాడు తాత. లేని హక్కుతోనే ఇదంతా రాస్తున్నాను.

తాత ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి, సూర్యాపేట బస్టాండులో కంట్రోలర్‌గా రిటైర్ అయ్యాడు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ ట్రిప్పు నడవాలో, ఏది ఆగాలో చెప్పే మనిషి కంట్రోలర్. ఉద్యోగం అయిపోయినా ఆ గొంతు అయిపోలేదు. అన్నం వడ్డిస్తే, "పప్పు వచ్చింది, పచ్చిపులుసు ఇంకా బయలుదేరలే," అనేవాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా కోదాడ బస్టాండులో పార్సిల్ కౌంటర్ దగ్గర పనికి కుదిరాడు. అక్కడ మూటల మీద అడ్రసులు సరిచూస్తూ ఉండగా లా చదవాలనిపించిందట. సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాడు. ఎంట్రన్స్ రాశాడు, సూర్యాపేటలోని ఒక కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సీటు వచ్చింది. లా చదువుకు ఇంత వయసు దాటొద్దని అక్కడ ఎవరూ అనలేదు. అనాల్సిందంతా మా ఇంట్లోనే అన్నారు.

ఆయనది సాయంత్రం బ్యాచ్. పేరుకే సాయంత్రం, మధ్యాహ్నం రెండింటికి మొదలై ఏడింటికి వదిలేస్తారు. లా క్లాసులు ఏడు దాటి నడపకూడదని నిబంధన ఉందట. పొద్దున పార్సిళ్లు, తర్వాత సూర్యాపేట బస్సు, క్లాసులు, మళ్లీ బస్సు, తండాకు ఆటో. ఆదివారం ఒక్కటే సెలవు. మరి బర్రెలు ఎవరు చూడాలి?

అక్కడే రంగంలోకి దిగింది నాయనమ్మ ద్వాళి. మాకు నాలుగు బర్రెలు. అప్పటిదాకా పొద్దున పాలు పిండటం, గడ్డి వేయటం తాత పని. ఇప్పుడదంతా మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ మీద పడింది. ఆమె కాదనలేదు గానీ, నన్నూ హర్యా తాతనూ ముందు కూర్చోబెట్టుకుని ఒక షరతు పెట్టింది.

"సూడు బాల్యా, నీ మొదటి పరీక్షలల్ల ఐదుకు ఐదు పాస్ కావాలె. అయితే సదువు, నేను అడ్డం రాను. ఒక్కటి పోయినా పుస్తకాలు అటక మీద పెట్టి బర్రెల కాడికి రావాలె. ఒప్పుకుంటవా?"

"ఐదు కాదు, ఆరున్నా పాసైత," అన్నాడు తాత.

"ఆరోది అడుగలే. ఐదే అడిగిన."

అలా పుట్టింది టైమ్‌టేబుల్. పైన వారాలు, పక్కన గంటలు. ఐదు సబ్జెక్టులను తాత ఐదు సర్వీసులు చేశాడు. రాజ్యాంగం దూరప్రయాణం కాబట్టి సూపర్ లగ్జరీ. తెల్లవారుజామున నాలుగింటికి, బుర్ర తాజాగా ఉన్నప్పుడు బయలుదేరుతుంది. కుటుంబ చట్టం ఎక్స్‌ప్రెస్, కోదాడ నుంచి సూర్యాపేట పోయే బస్సులో. టార్ట్స్, అంటే ఒకరి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టం, క్లాసుకు ముందు కాలేజీ లైబ్రరీలో. పర్యావరణ చట్టం సులభమని పల్లెవెలుగు, తిరుగు బస్సులో. ఇక కాంట్రాక్టు చట్టం నైట్ హాల్టు. రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఒక గంట. ఆదివారం బస్సులను డిపోలో కడిగే రోజు, అంటే తాత మధ్యాహ్నం దాకా నిద్రపోయే రోజు.

నిజం చెప్పాలంటే టైమ్‌టేబుల్ బాగుంది. నేనెప్పుడూ అలాంటిది రాసుకోలేదు, రాసుకున్నా రెండో రోజుకు దాని వెనక బొమ్మలు వేసేదాన్ని. తాత మాత్రం మొదటి రోజు నుంచి దాన్ని నడిపాడు. అదీ ఆర్టీసీ పద్ధతిలో.

ఆ పద్ధతి ఏమిటంటే, పొద్దున ఒక బస్సు ఆలస్యమైతే ఆ ఆలస్యం రోజంతా పాకుతుంది. దాన్ని అలా వదిలేస్తే రేపటి మొదటి బస్సు కూడా చెడుతుంది. అందుకని కంట్రోలర్ రాత్రి చివరి ట్రిప్పు ఒకటి రద్దు చేస్తాడు. బస్సు డిపోకు చేరుతుంది, రేపు మళ్లీ సమయానికి కదులుతుంది. ముప్పై ఏళ్లు ఈ లెక్కతోనే తాతకు మంచి కంట్రోలరని పేరొచ్చింది.

ఇక్కడా అదే చేశాడు. సూర్యాపేట నుంచి వచ్చేటప్పుడు ఆటో దొరక్కపోతే కాంట్రాక్టు రద్దు. బంధువులొస్తే కాంట్రాక్టు రద్దు. హర్యా తాత కరెంటు బిల్లు పట్టుకుని, "లాయర్ సాబ్, జర గిది సూడు," అంటూ వస్తే ఆయన పోయేసరికి కాంట్రాక్టు రద్దు. గళ్ల మీద మార్కర్‌తో "రద్దు" అని రాసి సంతకం కూడా పెట్టేవాడు.

"తాతా, గా కాంట్రాక్టు గడిల అన్నీ రద్దులే ఉన్నయ్," అన్నాను ఒకరోజు.

"నువ్వు రద్దులు సూస్తున్నవ్. పొద్దుగాల నాలుగింటి సర్వీసు సూడు. ఒక్క దినమన్నా లేటైందా?"

కాలేదు. ఆ మాట నిజమే. దాంతో నేను నోరు మూసుకున్నాను. నాది ఎప్పుడూ ఎక్కువసేపు మూతపడి ఉండే నోరు కాదు గానీ, చదువు మాటల్లో తొందరగా మూతపడుతుంది.

పరీక్షలకు ఇంకో నెల ఉందనగా, సూర్యాపేటలో ఒక పెళ్లి ఫ్లెక్సీ అప్పజెప్పే పని పడింది. పనైపోయాక తాతతో కలిసి ఇంటికి పోదామని కాలేజీకి వెళ్లాను. చివరి పీరియడ్ నడుస్తోంది. వరండాలో, కిటికీ పక్కన నిలబడ్డాను. కాంట్రాక్టు చట్టం చెప్పే శ్రీలత మేడమ్ రివిజన్ చేయిస్తూ ఒక్కొక్కరినీ లేపుతోంది. తాత మొదటి బెంచీలో, ఇస్త్రీ చొక్కాలో, నెమ్మదిగా కిందికి జారుతూ కనిపించాడు. క్లాసులో నేను చేసే పని అది. చూడగానే గుర్తుపట్టాను.

"బాల్యా గారూ, బట్టల షాపు అద్దాల వెనక చీర పెట్టి, ధర చీటీ అంటించారు. అది ఆఫరా, కాదా?"

తాత లేచాడు. పైన ఫ్యాను వైపు చూశాడు. "అది... పండుగ ఆఫరా మేడమ్?"

క్లాసంతా గొల్లుమంది. కిటికీ బయట నుంచి అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మేడమ్ కూడా నవ్వు ఆపుకుంటూ, "కూర్చోండి. చీటీ పెట్టడం ఆఫర్ కాదు, మీరొచ్చి ఆఫర్ చేయమని పిలవడం. చీర తీసుకుని కౌంటర్ దగ్గర కొంటానన్నది మీ ఆఫర్. షాపువాడు సరే అంటే అప్పుడు ఒప్పందం. ఇది మొదటి వారంలో చెప్పిన పాఠం. మీకు హాజరు నిండుగా ఉంది. విన్నదాన్ని ఇంటి దగ్గర ఒక్కసారైనా తిరగేశారా?"

బయటికొచ్చాక ఆయన ముఖం చూసి నేను నవ్వటం ఆపాను. బస్సులో కోదాడ దాకా ఆయన ఏ అనౌన్స్‌మెంటూ చేయలేదు.

దిగేముందు మాత్రం, "అనూషా, ఐదుల ఒక్కటి పోతే బర్రెల కాడికే," అన్నాడు. అప్పటిదాకా నాకు షరతు ఒక తమాషా. ఆయన గొంతు విన్నాక కాదు.

మర్నాడు తెల్లవారుజామున సూపర్ లగ్జరీ కదల్లేదు. తాత పుస్తకం మూసి కొట్టం దగ్గర నిలబడ్డాడు. నాయనమ్మ పాలు పిండుతోంది. సంగతి నేనే చెప్పాను, చీర ముచ్చటతో సహా. నాయనమ్మ నవ్వలేదు. బకెట్ పక్కన పెట్టి, గోడ మీది ఫ్లెక్సీ చూపించింది.

"గా నల్లగ రాసినయన్నీ ఏంది?"

"రద్దులు," అన్నాను.

"అన్నీ ఒక్క తాననే ఉన్నయేంది?"

"గది ఆఖరి ట్రిప్పు," అన్నాడు తాత. "ఆలస్యమైతే ఆఖరిది కట్ చేస్తరు. లేకుంటే షెడ్యూల్ ఖతం అయితది."

నాయనమ్మ పుట్టిల్లు తుంగతుర్తి అవతల ఒక తండా. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఖతం అయితదా? నేను సెప్తా విను. సూర్యాపేట నుంచి మా తండాకు రాత్రి ఒక్క బస్సు. నీ చిన్నకొడుకును సంకల ఏసుకొని మా అమ్మగారింటికి పోయిన దినం యాదికుందా? తుంగతుర్తిల డ్రైవర్ దిగుమన్నడు. కంట్రోలర్ ట్రిప్పు కట్ చేసిండు, ముందటికి పోదన్నడు. ఎవడా కంట్రోలర్ అంటే నీ పేరే సెప్పిండు! పిలగాన్ని మోసుకుంట నడిసిన. నువ్వు పొద్దుగాల, నా బస్సులన్నీ టైముకే కదిలినయ్ అని మురిసినవ్."

"అప్పుడు డీజిల్..." అన్నాడు తాత.

"డీజిల్ కాదు. ఆలస్యమైన ప్రతిసారి మా తండాదే కట్ చేసినవ్. ఇంకో ఊరిది ఒక్కనాడన్న కట్ చేస్తివా? నీ కాంట్రాక్ట్ గూడ మా తండా లెక్కనే అయింది. నీ బస్సు టైముకు కదులుతది, గాడ నిలబడ్డోళ్లకు బస్సు రాదు."

నేను తాత వైపు చూశాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకు ఎవరూ ఇవ్వని మెమో అది. తాత ఫ్లెక్సీ దగ్గరికి పోయి రద్దులు లెక్కపెట్టాడు. తర్వాత, "అనూషా, కాగితాలు తే, గమ్ తే," అన్నాడు.

కొత్త ఫ్లెక్సీ వేయమంటాడేమోనని భయపడ్డాను గానీ, పాతదాని మీదే కాగితాలు అంటించాం. కాంట్రాక్టు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. రాజ్యాంగం రాత్రికి పోయింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి. ఏ రోజైనా ఒక ట్రిప్పు తప్పిపోతే, మర్నాడు అన్నిటికంటే ముందు అదే కదలాలి. అయినా మిగిలిపోతే ఆదివారం దాని కోసమే ఖాళీ. ఒకే సబ్జెక్టు వారంలో రెండుసార్లు రద్దు కాకూడదు. ఆదివారం డిపో కడగటం బందైంది. తాత నిద్ర అంతటితో రద్దు.

ఆ నెలంతా మా తండా కాంట్రాక్టు చట్టం కింద బతికింది. పక్కింటి పిల్లాడు కిరాణాకొట్టులో చిప్స్ కొంటుంటే తాత పోయి, "మైనర్‌తోటి ఒప్పందం చెల్లదు, తెలుసా?" అన్నాడు. కొట్టు నడిపే సువర్ణక్క, "ఒప్పందం చెల్లకుంటే మానె తాతా, చిప్స్ అయితే తినేసిండు," అంది. హర్యా తాత గొర్రెను అమ్ముతానని చెప్పి మనసు మార్చుకుంటే, అవతలివాడు సరే అన్నది ఆఫర్ వెనక్కి తీసుకోకముందా, తర్వాతా అని ఇద్దరినీ అరగంట విచారించాడు. చివరికి ఇద్దరూ రాజీపడి తాతను తిట్టుకుంటూ వెళ్లారు. మా షాపుకు కూడా వచ్చి, "ఇంత రేటుకు ఫ్లెక్సీ అని బోర్డు పెట్టినవ్ గదా, అది ఆఫర్ కాదు, పిలుపు," అని మా ఓనర్‌కు చెప్పాడు. ఓనర్ నా వైపు అనుమానంగా చూశాడు.

పరీక్షల సెంటర్ మిర్యాలగూడలో పడింది. కాంట్రాక్టు పేపర్ రోజున తోడుగా నేనూ వెళ్లాను. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో తాత పుస్తకం తెరవలేదు. "ఇప్పుడు తెరిస్తే తెలిసింది గూడ పోతది," అన్నాడు. నాకైతే ఆ భయం ఎప్పుడూ లేదు, పోవడానికి ముందు తెలిసి ఉండాలి కదా. సెంటర్ గేటు దగ్గర పోలీసాయన తాతను ఆపి, "పెద్దాయనా, పిల్లలను లోపలికి పంపి మీరు బయట కూర్చోండ్రి," అంటూ నన్ను లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. తాత హాల్ టికెట్ తీశాడు. నేను వెంటనే చెట్టు నీడకు పరుగెత్తాను, పొరపాటున నన్ను నిజంగానే పంపిస్తారేమోనని.

బయటికొచ్చాక తాత సిరా అంటిన వేళ్లతో మిర్చిబజ్జీ తింటూ, "చీర వచ్చింది," అన్నాడు. అదే ప్రశ్న, పుస్తకం షాపుకు మార్చి ఇచ్చారట. ఇంటికి పోయేదాకా అనౌన్స్‌మెంట్లు చేస్తూనే ఉన్నాడు. కండక్టర్ మా నుంచి రెండు సీట్లు దూరంగా జరిగింది.

ఫలితాలు వచ్చిన రోజు నా ఫోనులోనే చూశాం. కాంట్రాక్టు పాస్. రాజ్యాంగం పాస్, కుటుంబం పాస్, టార్ట్స్ పాస్. పర్యావరణం పోయింది.

"గదెట్ల పోతది?" అన్నాడు తాత. "గది ఒక్కనాడు రద్దు కాలే! టైమ్‌టేబుల్ సూడు!"

నిజమే, ఆ గడిలో ఒక్క రద్దు లేదు. కానీ ఆ సాయంత్రపు బస్సులో ఆయన వెనక సీట్లోనే సూర్యాపేటలో చదివే మా తండా విజయ్ రోజూ వస్తాడు. వాడు గుట్టు విప్పాడు. "తాత మునగాల దాటక ముందే గురక పెడ్తడు. పుస్తకం కింద పడితే నేనే తీసి ఒళ్లె పెడ్త."

పల్లెవెలుగు రోజూ నడిచింది. ఖాళీగా నడిచింది.

నాయనమ్మ ఏమీ అనకుండా అటక కింద నిచ్చెన వేసింది. పుస్తకాలు మోయటానికి బియ్యం సంచీ దులిపింది. పోయిన పేపర్ మళ్లీ రాసుకోవచ్చు, రెండో సెమిస్టర్ ఆగదు, అది కాలేజీ నిబంధన. మా ఇంటి నిబంధన వేరు. అప్పుడు తాత గొంతు సవరించుకున్నాడు.

"ద్వాళీ, ఒక పాయింట్ ఉంది. మొగుడూ పెండ్లాలు ఇంట్ల అనుకున్న మాటలను చట్టం మామూలుగా కాంట్రాక్ట్ అనదు. కోర్టుకు పోవాలని ఇద్దరూ అనుకొని చేసుకున్నది కాదు గదా. అందుకే నీ షరతు చెల్లదు."

నేను చప్పట్లు కొట్టబోయాను. నాయనమ్మ సంచీ కింద పెట్టింది.

"చెల్లదా? మంచిగైంది. అయితే నువ్వు సదువుకుంటుంటే బర్రెలు నేను సూస్త అన్నది గూడ చెల్లదు. రేపటి సంది సూడ."

ఈ ప్రశ్న మేడమ్ రివిజన్‌లో రాలేదనుకుంటా.

"మరి ఎట్లనే?" అన్నాడు తాత చిన్నగా.

"పుస్తకాలు ఉండనీ," అంది నాయనమ్మ. ఆమె నిచ్చెన వైపు కూడా చూడలేదు. ఆ నిచ్చెన వేసింది ఎక్కటానికి కాదని నాకు అప్పుడర్థమైంది. "కాంట్రాక్ట్ పాసైనవ్ గదా, గింత మాట్లాడుడు వచ్చింది. ఇగ కొత్త కాగితం అంటించు. వారంల రెండు దినాలు పొద్దుగాల పాలు నువ్వు పిండాలె, మంగళారం, శుక్రారం. పోయిన సబ్జెక్ట్ ఇంట్ల సదువు, బస్సుల కాదు. బస్సుల పండుకో, ఎట్లాగూ పండుకుంటనే ఉన్నవ్."

"బర్రెలది ఏ సర్వీస్ కింద రాయాలె?" అని అడిగాను.

"పైన రాయి," అంది. "అన్నిటికంటె పైన."

మంగళవారం తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, కొట్టంలో తాత పీట మీద కూర్చుని పాలు పిండుతున్నాడు. కాలుష్య నియంత్రణ బోర్డు ఏమేం చేయాలో బర్రెకు వరసగా అప్పజెబుతున్నాడు. అది తోకతో ఆయన అద్దాలు తుడుస్తోంది. వాకిట్లో మంచం మీద నాయనమ్మ దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

తాత ఒక చోట ఆగాడు, గుర్తు రాక.

"ఆపకు," అంది దుప్పటి లోపలి నుంచి. "జర గట్టిగ సదువు. మంచిగ నిద్ర పడ్తది."